ప్రైవేట్ సెషన్ పెట్టాను, ఇక ఎవరికీ తెలియదా? పాటల యాప్‌లలో ఏ సెట్టింగ్ ఎవరి కోసం

తెల్లవారుజామున అమ్మ సుప్రభాతం పెడుతుంది. మధ్యాహ్నం చంటివాడిని నిద్రపుచ్చడానికి లాలిపాటలు. రాత్రి పదకొండు దాటాక హెడ్‌ఫోన్స్‌లో మన సొంత పాటలు, అంటే పదిమందిలో వినడానికి మొహమాటపడేవి. మూడూ ఒకే ఫోన్, ఒకే అకౌంట్. వారం తిరిగేసరికి యాప్ మనకు సిఫార్సు చేసే లిస్టులో లాలిపాట పక్కన అష్టోత్తరం, దాని పక్కన బ్రేకప్ పాట ఉంటుంది. ఆఫీసులో పక్క సీటు అబ్బాయి "ఏంటన్నా, రాత్రంతా విరహమేనా" అని అడిగితే అప్పుడు టెన్షన్ మొదలవుతుంది.

అప్పుడు చాలామంది చేసే పని, సెట్టింగ్స్‌లో ప్రైవేట్ అనే మాట ఎక్కడుందో వెతికి, దాన్ని ఆన్ చేసి, పని అయిపోయిందనుకోవడం. సగం అయినట్టే. ఆ బటన్ పక్క సీటు అబ్బాయి నుంచి కాపాడుతుంది. మిగతా చోట్ల దాని పని అంతంతమాత్రమే. అందుకే స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్, యూట్యూబ్ మ్యూజిక్ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. మెనూల పేర్లు వెర్షన్‌ను బట్టి కాస్త మారుతుంటాయి. మీ ఫోన్‌లో అదే పేరు కనిపించకపోతే దగ్గరి పేరు కోసం చూడండి.

## ఎవరి నుంచి దాచాలి?

మనం వినేది తెలుసుకునేవాళ్లు మూడు రకాలు. మొదటిది మనుషులు: మనల్ని ఫాలో అయ్యేవాళ్లు, మన ప్రొఫైల్ తెరిచి చూసేవాళ్లు. రెండోది యాప్‌లోని సిఫార్సుల యంత్రం. దానికి మన గుట్టుతో పని లేదు. కాకపోతే ఈరోజు మనం విన్నదాన్ని బట్టి రేపు ఏం వినిపించాలో నిర్ణయిస్తుంది. మూడోది కంపెనీ రికార్డు, అంటే ఏ పాట ఎన్ని నిమిషాలు ఏ పరికరంలో విన్నామో రాసిపెట్టుకునే ఖాతా. ఒకరి కోసం పెట్టిన సెట్టింగ్ మరొకరి మీద పనిచేస్తుందని అనుకోవడం దగ్గరే గందరగోళమంతా మొదలవుతుంది.

నేను ఇంకో ప్రమాణం కూడా చూస్తాను: మనం మర్చిపోతే ఏమవుతుంది? కొన్ని సెట్టింగ్‌లు కాసేపటికి వాటంతట అవే ఆగిపోతాయి. మనం మర్చిపోతే బయటపడిపోతాం. ఇంకొన్ని మనం తీసేదాకా అలాగే ఉంటాయి. వాటిని మర్చిపోతే గుట్టు బయటపడదు కానీ సిఫార్సులు ఎండిపోతాయి. మనకు ఏ నష్టం ఫర్వాలేదన్న దాన్ని బట్టి ఎంచుకోవాలి.

## స్పాటిఫై: నాలుగు తలుపులు, నాలుగు తాళాలు

ఎక్కువ చిక్కు ఇక్కడే ఉంది కాబట్టి ఎక్కువసేపు ఇక్కడే ఉందాం. మనుషులకు మనం కనిపించే దారులు ఎక్కువగా ఉన్న యాప్ ఇదే.

Private session. ప్రొఫైల్ బొమ్మ నొక్కి Settings and privacy, అందులో Privacy and social లోకి వెళితే దొరుకుతుంది. ఆన్ చేశాక మీరు వినేది ఫాలోవర్లకు కనిపించదు. సిఫార్సుల విషయంలో మాత్రం స్పాటిఫై గట్టి హామీ ఇవ్వదు. ఆ సెషన్‌లో విన్నవి సిఫార్సులను ప్రభావితం చేయకపోవచ్చు అని మాత్రమే అంటుంది. ఈ 'వచ్చు'ను తేలిగ్గా తీసుకోవద్దు. ఇంకో సంగతి, సెషన్ శాశ్వతం కాదు. 6 గంటల తర్వాత ముగుస్తుంది, యాప్ మూసి మళ్లీ తెరిచినా ముగుస్తుంది. రాత్రి ఆన్ చేసి పడుకుంటే తెల్లారేసరికి మీరు మళ్లీ బహిరంగమే. మర్చిపోతే బయటపడే రకం ఇది.

Listening activity. అదే పేజీలో ఉంటుంది. ఇప్పుడు మీరు ఏం వింటున్నారో ఫాలోవర్లకు చూపించేది ఇదే. కంప్యూటర్‌లో స్పాటిఫై తెరిస్తే కుడివైపు పక్కపట్టీలో స్నేహితుల పేర్లు, వాళ్లు వింటున్న పాటలు కనిపిస్తాయే, అక్కడికి మన సమాచారం ఈ తలుపులోంచే వెళ్తుంది. దీన్ని ఒక్కసారి ఆఫ్ చేస్తే మీరు మళ్లీ ఆన్ చేసేదాకా అలాగే ఉంటుంది. పక్క సీటు అబ్బాయి ఒక్కడే సమస్య అయితే రోజూ సెషన్ ఆన్ చేస్తూ కూర్చోనక్కర్లేదు, ఇది ఆఫ్ చేస్తే చాలు. సిఫార్సులకు ఏ నష్టమూ ఉండదు. చాలామందికి నేను చెప్పేది ఇదే, కానీ 'ప్రైవేట్' అన్న మాట పేరులో లేకపోవడం వల్ల కాబోలు, ఎవరూ దీని జోలికి వెళ్లరు.

Recently played artists. ఈమధ్య ఎక్కువగా విన్న కళాకారుల పేర్లు మీ ప్రొఫైల్ మీద కనిపించాలా వద్దా అన్నది. పైది ఆఫ్ చేసి ఇది వదిలేస్తే ఫలానా పాట అని తెలియదు, ఫలానా గాయకుడు అని తెలిసిపోతుంది.

నాలుగోది ప్లేలిస్టులు. అన్నిటికంటే ఎక్కువమంది మర్చిపోయేది ఇదే. మీరు తయారుచేసిన ప్లేలిస్టు పబ్లిక్‌గా ఉంటే దాని పేరు, అందులోని పాటలు ఎవరైనా చూడొచ్చు. ప్రైవేట్ సెషన్ దీన్ని ముట్టుకోదు. 2025 జులైలో అమెరికాలో 'పనామా ప్లేలిస్ట్స్' అనే సైట్ ఒకటి వచ్చింది. రాజకీయ నాయకులవీ టెక్ కంపెనీల పెద్దలవీ అంటూ స్పాటిఫై ప్లేలిస్టులను పేర్లతో సహా పెట్టేసింది. అందుకు దొంగతనంగా లోపలికి చొరబడాల్సిన పనేమీ లేదు, పబ్లిక్‌గా ఉన్న ప్రొఫైల్ తెరిస్తే చాలు.

ప్లేలిస్టు దగ్గర మూడు చుక్కలు నొక్కితే రెండు దారులు కనిపిస్తాయి. ప్రొఫైల్ నుంచి తీసేయడం ఒకటి, ప్రైవేట్ చేయడం ఒకటి. మొదటిది గడప మీద నుంచి తీసి వసారాలో పెట్టడం లాంటిది. ప్రొఫైల్‌లో కనిపించదు కానీ లింక్ ఉన్నవాళ్లు తెరవగలరు. దాచాలనుకుంటే రెండోదే చేయాలి. పాత ప్లేలిస్టులన్నిటికీ ఒక్కొక్కదానికి విడిగా చేయాలి. విసుగే, కానీ వేరే దారి లేదు.

సిఫార్సులు పాడవకూడదనే బాధ మాత్రమే ఉన్నవాళ్లకు స్పాటిఫై 2023లో ఇచ్చిన Exclude from your taste profile బాగా పనికొస్తుంది. ఒక ప్లేలిస్టు మీద ఇది పెడితే దానిలోంచి విన్న పాటలు సిఫార్సుల మీద చూపే ప్రభావం తగ్గుతుంది. మనుషుల నుంచి ఏమీ దాచదు, రికార్డు నుంచీ దాచదు. చేసే పని ఒక్కటే అయినా శుభ్రంగా చేస్తుంది, పైగా మీరు తీసేదాకా అలాగే ఉంటుంది.

### రికార్డులో ఏముంటుంది?

మూడో రకం, అంటే కంపెనీ ఖాతా సంగతి మీరే కళ్లారా చూడొచ్చు. బ్రౌజర్‌లో `spotify.com/account/privacy` తెరిచి మీ డేటా అడగండి. మూడు రకాలు కనిపిస్తాయి, వాటిలో మనకు పనికొచ్చేవి రెండు. Account data అంటే గత ఏడాదిది, 5 రోజుల్లోపు వస్తుంది. Extended streaming history అంటే అకౌంట్ తెరిచిన రోజు నుంచి ఇప్పటిదాకా, దానికి 30 రోజులదాకా పట్టొచ్చు. రెండోదే అడగండి. అడిగాక మెయిల్‌కు ఒక నిర్ధారణ లింక్ వస్తుంది. అది నొక్కకపోతే అభ్యర్థన ముందుకు కదలదు. నెలరోజులు ఎదురుచూసి ఏమీ రాలేదనుకునేవాళ్లలో చాలామంది చిక్కుకునేది ఇక్కడే.

వచ్చిన జిప్‌లో JSON ఫైళ్లు ఉంటాయి. ప్రతి పాటకూ ఒక నమోదు. అందులోంచి మనకు కావలసిన వరుసలు మాత్రమే తీస్తే ఇలా ఉంటాయి. అంకెలు ఉదాహరణకు వేసినవి:

```json
{
  "ts": "2024-11-17T23:41:08Z",
  "ms_played": 214000,
  "conn_country": "IN",
  "reason_end": "trackdone",
  "incognito_mode": true
}
```

చివరి వరుస చూడండి. `incognito_mode` విలువ `true` అంటే ఆ పాట ప్రైవేట్ సెషన్‌లో విన్నారని అర్థం. అంటే ప్రైవేట్ సెషన్‌లో విన్న పాట కూడా రికార్డులో ఉంది, పైగా 'ఇది గుట్టుగా విన్నది' అని విడిగా గుర్తు కూడా పెట్టి ఉంది. అసలు నమోదులో పాట పేరు, పరికరం, ఐపీ చిరునామా కూడా ఉంటాయి.

ఈ ఫైల్ చదివేటప్పుడు రెండు చోట్ల పొరబాటు పడతాం. `ts` అనేది పాట మొదలైన సమయం కాదు, ఆగిన సమయం. అదీ మన సమయం కాదు, యూటీసీ. మన సమయం కావాలంటే దానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. పైన నవంబర్ 17 రాత్రి 11.41 అని కనిపించేది మన దగ్గర 18వ తేదీ తెల్లవారుజామున 5.11. `ms_played` వెయ్యితో భాగిస్తే సెకన్లు వస్తాయి. 214 సెకన్లు, అంటే మూడున్నర నిమిషాల పాట. తెల్లవారుజామున 5.11కి పూర్తయిన పాట కాబట్టి అది మీ విరహగీతం కాదు, అమ్మ సుప్రభాతం అయివుంటుంది. రాత్రి మీరు ఆన్ చేసిన సెషన్ ఇంకా నడుస్తుండగానే ఆవిడ ఫోన్ అందుకుందన్నమాట.

## యాపిల్ మ్యూజిక్: స్విచ్ ఒకటే, కానీ తెలివైనది

ఐఫోన్‌లో Settings లోకి వెళ్లి Apps, అందులో Music తెరిస్తే Use Listening History అని ఒక స్విచ్ ఉంటుంది. పాత ఐఓఎస్‌లో Music నేరుగా Settings లోనే కనిపిస్తుంది. ఇది ఆఫ్ చేస్తే ఆ పరికరంలో విన్నవి సిఫార్సులకు వెళ్లవు, ఈమధ్య విన్నవాటి జాబితాలోకి చేరవు, ఫాలోవర్లకూ కనిపించవు. స్పాటిఫైలో రెండు మూడు చోట్ల తిరిగి చేసే పని ఇక్కడ ఒక్క చోట అయిపోతుంది. గడువు లేదు, మీరు ఆన్ చేసేదాకా ఆఫ్‌లోనే ఉంటుంది.

ఇబ్బంది కూడా అక్కడే. ఒక పెళ్లి రోజున ఆఫ్ చేసి మూడు నెలలు మర్చిపోతే, ఆ మూడు నెలల్లో మీ అభిరుచి ఎంత మారినా యాప్‌కు తెలియదు. ఇంకోటి, ఏ పరికరంలో ఆఫ్ చేస్తే ఆ పరికరానికే. ఫోన్‌లో ఆఫ్ చేసి, ఇంట్లో హోమ్‌పాడ్‌ను వదిలేస్తే అమ్మ సుప్రభాతం ఆ దారిన వచ్చి చేరుతూనే ఉంటుంది.

2023 డిసెంబర్‌లో వచ్చిన ఐఓఎస్ 17.2 ఈ మతిమరుపుకు మంచి మందు ఇచ్చింది. Focus సెట్టింగ్స్‌లో ఏదో ఒక ఫోకస్ ఎంచుకుని, దానికి మ్యూజిక్ ఫిల్టర్ జతచేస్తే, ఆ ఫోకస్ నడుస్తున్నంతసేపే వినికిడి చరిత్ర ఆగుతుంది. ఉదాహరణకు 'పిల్లల నిద్ర' అని ఒక ఫోకస్ చేసుకుని మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు వరకు టైమ్ పెట్టొచ్చు. లాలిపాటలు లెక్కలోకి రావు, మూడు దాటాక మామూలే. మూడు యాప్‌లలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇదే. ఐఫోన్ లేనివాళ్లకు దీనివల్ల లాభం లేకపోవడం ఒక్కటే లోపం.

మనుషుల విషయంలో యాపిల్ కాస్త పద్ధతిగా ఉంటుంది. మీరు ప్రొఫైల్ పెట్టుకుంటేనే ఎవరికైనా కనిపిస్తారు. పెట్టుకున్నా, మీరు ఒప్పుకున్నవాళ్లే ఫాలో అయ్యేలా చేయొచ్చు.

## యూట్యూబ్ మ్యూజిక్: అంటుకున్న రెండు ఇళ్లు

ఇక్కడ పక్క సీటు అబ్బాయి బెడద తక్కువ. మీరు చూసినదాని చరిత్ర ఇతరులకు కనిపించదు, పబ్లిక్‌గా పెట్టిన ప్లేలిస్టులు తప్ప. తలనొప్పి వేరే చోట ఉంది. యూట్యూబ్ మ్యూజిక్, మామూలు యూట్యూబ్ ఒకే చరిత్రను పంచుకుంటాయి. యూట్యూబ్‌లో చిన్నవాడికి పెట్టిన రైమ్స్ మ్యూజిక్ యాప్‌లో తేలతాయి, మ్యూజిక్ యాప్‌లో విన్న భజనలు యూట్యూబ్ హోమ్‌లో తేలతాయి.

మ్యూజిక్ యాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ విభాగంలో Pause watch history, Pause search history ఉంటాయి. పాజ్ చేస్తే అది అకౌంట్ మొత్తానికి వర్తిస్తుంది, యూట్యూబ్‌కు కూడా. 2023 ఆగస్టు నుంచి చూసిన చరిత్ర ఆపేసి, పాతది కూడా పెద్దగా లేనివాళ్లకు యూట్యూబ్ హోమ్ పేజీ సిఫార్సులేవీ లేకుండా ఖాళీగా కనిపిస్తోంది. వంట వీడియోలు, వార్తలు అక్కడే చూసే నాన్నగారి ఫోన్‌లో ఇది చేస్తే, సాయంత్రానికి 'యూట్యూబ్ పాడైపోయింది' అని మీకే ఫోన్ వస్తుంది.

ఒక్క గంట గుట్టుగా వినాలంటే మామూలు యూట్యూబ్ యాప్‌లోని Turn on Incognito వాడుకోవచ్చు. 90 నిమిషాలు కదలిక లేకపోతే అది దానంతట అదే ఆగిపోతుంది.

కానీ రికార్డు విషయంలో మూడింటిలో నాకు ఎక్కువ అధికారం కనిపించింది ఇక్కడే. చరిత్రలోకి వెళ్లి ఒక్క పాటను తీసేయొచ్చు. `myactivity.google.com` లో ఒక రోజుదంతా తీసేయొచ్చు. 3, 18, 36 నెలలకు ఆటోమేటిక్‌గా తుడిచేలా పెట్టొచ్చు. స్పాటిఫైలో ఇలా పాత వినికిడి చరిత్రను మొత్తంగా తుడిచే బటన్ లేదు. విన్న తర్వాత పశ్చాత్తాపపడే అలవాటు ఉన్నవాళ్లకు యూట్యూబ్ మ్యూజికే సరి.

## పక్కపక్కన పెడితే

| సెట్టింగ్ | మనుషుల నుంచి | సిఫార్సుల నుంచి | మర్చిపోతే |
|---|---|---|---|
| స్పాటిఫై Private session | దాస్తుంది, ప్లేలిస్టులు తప్ప | హామీ లేదు | ఆగిపోతుంది, మళ్లీ కనిపిస్తారు |
| స్పాటిఫై Listening activity ఆఫ్ | ఇప్పుడు వింటున్నది దాస్తుంది | దాచదు | నష్టం లేదు |
| స్పాటిఫై Exclude from your taste profile | దాచదు | ప్రభావం తగ్గిస్తుంది | నష్టం లేదు |
| యాపిల్ Use Listening History ఆఫ్ | దాస్తుంది | దాస్తుంది, ఆ పరికరంలో | సిఫార్సులు పాతబడతాయి |
| యూట్యూబ్ మ్యూజిక్ పాజ్ | మొదటి నుంచీ కనిపించదు | దాస్తుంది | యూట్యూబ్ హోమ్ కూడా దెబ్బతింటుంది |

## ఎవరికి ఏది

సిగ్గు ఒక్కటే సమస్య అయితే, అంటే ఆఫీసువాళ్లో చుట్టాలో చూస్తారన్న ఇబ్బంది మాత్రమే ఉంటే, స్పాటిఫైలో Listening activity, Recently played artists రెండూ ఆఫ్ చేసి, పాత ప్లేలిస్టులు ప్రైవేట్ చేయండి. అరగంట పని, ఒక్కసారే. ప్రైవేట్ సెషన్ అవసరం మీకు దాదాపు రాదు.

కొన్నాళ్లపాటు ఒకే రకం పాటలు వినేవాళ్ల లెక్క వేరు. అయ్యప్ప మాల వేసుకున్నవారిని తీసుకోండి. 41 రోజులు ఉదయం సాయంత్రం భజనలే. ప్రైవేట్ సెషన్‌తో నెట్టుకురావాలంటే రోజుకు రెండుసార్లు ఆన్ చేయాలి, అంటే దీక్ష ముగిసేసరికి 82 సార్లు. ఒక్కపూట మర్చిపోవడం ఖాయం. దానికి బదులు భజనలన్నీ ఒక ప్లేలిస్టులో పెట్టి, దాన్ని టేస్ట్ ప్రొఫైల్ నుంచి తప్పించి, ఎప్పుడూ అందులోంచే వినాలి. ఇక్కడ జాగ్రత్త ఒకటే: ప్లేలిస్టు అయిపోయాక యాప్ దానంతట అదే అలాంటి పాటలు వేసుకుంటూ పోతుంది. అవి ప్లేలిస్టులోవి కావు కాబట్టి లెక్కలోకి వచ్చే అవకాశం ఉంది. Autoplay ఆఫ్ చేసుకోండి. ఐఫోన్‌లో యాపిల్ మ్యూజిక్ ఉంటే పూజ సమయానికి ఒక ఫోకస్ పెడితే అయిపోతుంది.

ఇంట్లో అందరూ ఒకే అకౌంట్ వాడేవాళ్లకు ఏ సెట్టింగూ పూర్తిగా పనిచేయదు. తెలుగు ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే: ఒకరు డబ్బు కడతారు, ఆ లాగిన్ టీవీలో, కారులో, అమ్మ ఫోన్‌లో, ఒక్కోసారి డల్లాస్‌లో ఉన్న చెల్లి ఫోన్‌లో కూడా ఉంటుంది. స్పాటిఫైలో కొందరు కలిసి వాడుకునే ప్లాన్ తీసుకుంటే ఎవరి అకౌంట్ వారికి విడిగా వస్తుంది, ఎవరి చరిత్ర వారిదే. కాకపోతే సభ్యులంతా ఒకే చిరునామాలో ఉండాలన్న నిబంధన ఉంది, కాబట్టి డల్లాస్ చెల్లి అందులో కుదరదు. ఆవిడ అక్కడే విడిగా తీసుకోవాలి. అమ్మకు ప్రకటనలు వచ్చినా ఫర్వాలేదనుకుంటే ఉచిత అకౌంట్ ఒకటి తెరిచి ఇవ్వండి. సుప్రభాతం విడిపోతుంది, మీ లిస్టు తేలికపడుతుంది. విడిపోయాక స్పాటిఫై అకౌంట్ పేజీలో Sign out everywhere నొక్కడం మర్చిపోవద్దు. లేకపోతే మేనమామ ఇంటి టీవీలో ఎప్పుడో పెట్టిన లాగిన్ అలాగే ఉండిపోతుంది.

కంపెనీ రికార్డే మీ బాధ అయితే ప్రైవేట్ సెషన్ మీకు పనికిరాదని పైన ఫైలే చెప్పింది. యూట్యూబ్ మ్యూజిక్‌కు మారి 3 నెలల ఆటో తుడుపు పెట్టుకోండి. లేదా నిజంగా ఎవరికీ తెలియకూడని ఆ పది పాటలనూ కొనుక్కుని ఫోన్‌లో ఫైళ్లుగా పెట్టుకుని, ఏ అకౌంట్ అడగని మామూలు ప్లేయర్‌లో వినండి.

అన్నీ పెట్టుకున్నాక పనిచేస్తున్నాయో లేదో చూడటానికి ఇంట్లోవాళ్ల అకౌంట్‌లోంచి మీ ప్రొఫైల్ తెరవండి. మీ అకౌంట్‌లో మీ ప్రొఫైల్ చూసుకుంటే మీకు మాత్రమే కనిపించేవి కూడా అందులో ఉండొచ్చు కాబట్టి తేడా తెలియదు. వాళ్ల ఫోన్‌లో మీ పేరు వెతికి, ప్రొఫైల్‌లో ఏ ప్లేలిస్టులు ఉన్నాయో, కళాకారుల వరుస కనిపిస్తోందో లేదో చూడండి. తర్వాత మీ ఫోన్‌లో ఒక పాట పెట్టి, వాళ్ల కంప్యూటర్‌లో కుడివైపు పట్టీ చూడండి. దానికి ముందు వాళ్లు మిమ్మల్ని ఫాలో అవుతూ ఉండాలి. అది చేయకుండా చూసి 'హమ్మయ్య, కనిపించడం లేదు' అనుకున్నవాళ్లు ఉన్నారు, అందులో నేనూ ఒకణ్ణి.